కార్పెట్ మింగిన రెండు కిలోలు: ఒక గుండె పేషెంట్ ఇంటి వెయిట్ మెషిన్ కేస్ స్టడీ

పేషెంట్ వయసు అరవై దాటింది, ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. గుండె పంపింగ్ తక్కువ. కొన్నేళ్లుగా నా దగ్గరే చూపించుకుంటున్నారు. ఎవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చాను, మరికొన్ని వదిలేశాను. కేసులో గుండె జబ్బు సంగతి తక్కువ. ఆయన రోజూ ఎక్కి నిలబడే బరువు మెషిన్, దాని కింద ఉన్న నేల, ఆ రెండింటి మధ్య మేము తీసుకోవాల్సి వచ్చిన నిర్ణయాలే ఇందులో అసలు విషయం.

నేపథ్యం

పంపింగ్ తగ్గిన గుండె ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు చేరడం మొదలైతే ఆయాసం, కాళ్లవాపు కంటే ముందు చాలాసార్లు బరువులోనే తెలుస్తుంది. లీటరు నీరు నిలిస్తే కిలో పెరుగుతుంది. అందుకే రోజూ పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, టిఫిన్ తినకముందు, దాదాపు ఒకే రకం బట్టలతో బరువు చూసి నోట్‌బుక్‌లో రాయమంటాం. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఫోన్ చెయ్యమంటాం. ఈయన ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవారంటే, నోట్‌బుక్ చూస్తే నాకు ఇంకేమీ అడగాలనిపించేది కాదు. ఇంట్లో గ్రానైట్ నేల మీద నెలల తరబడి 71.4కు అటూ ఇటూగా ఉండేది. ఫ్యూరోసెమైడ్, అంటే నీరు తీసే మాత్ర, రోజుకు 40 మిల్లీగ్రాములు.

కొన్ని నెలలు కూతురి దగ్గర ఉండి రావడానికి అమెరికా వెళ్తున్నానని చెబితే ఆ మెషిన్‌ని కూడా సూట్‌కేసులో పెట్టుకెళ్లమన్నాను. అక్కడ కొత్తది కొంటే పాత అంకెలతో పోల్చడానికి కుదరదు. ఆయన బట్టల మధ్య సర్దుకుని భద్రంగానే తీసుకెళ్లారు. మెషిన్ మారలేదు, కానీ నేల మారింది. కూతురి ఇంట్లో పడకగదులన్నీ గోడ నుంచి గోడ దాకా మందపాటి కార్పెట్.

సమస్య ఎలా బయటపడింది

వెళ్లిన మర్నాడు 69.1 అని మెసేజ్ పెట్టారు. ప్రయాణం, నిద్ర లేకపోవడం, విమానంలో సరిగ్గా తినకపోవడం అన్నీ ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత రోజుల్లో ఒకసారి 68.7, ఒకసారి 69.6. బరువు తగ్గింది కదా, మాత్ర సగానికి దించాలా అని కూతురు అడిగింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా, నిలబడి చూసినప్పుడు బీపీ పడుతోందా అని అడిగాను. రెండూ లేవు. నిజంగా రెండు కిలోల నీరు తగ్గిన మనిషిలో వాటిలో ఒకటైనా కనిపించే అవకాశం ఎక్కువ. మాత్ర అలాగే ఉంచమన్నాను.

రెండు వారాలు గడిచాక ఇంటికి చుట్టాలొచ్చారు. వాళ్లకు గది ఇవ్వాల్సి వచ్చి మెషిన్‌ని బాత్రూంలోకి మార్చారు. మర్నాడు పొద్దున 71.6 చూపించింది. ముందురోజు 69.2. కూతురు వెంటనే ఫోన్ చేసింది.

"సార్, ఒక్క రాత్రిలో రెండున్నర కిలోలు పెరిగారు. మొన్న చుట్టాలతో కూర్చుని ఆవకాయ అన్నం తిన్నారు. దానివల్లేనా? ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలా?"

టెన్షన్ పడటం సహజం. ఉప్పు ఎక్కువైంది, బరువు పెరిగింది, రూలు ప్రకారం ఫోన్ చేసింది. ఇలాంటి ఫోన్ వస్తే మామూలుగా ఆ రోజు నీటి మాత్ర రెట్టింపు చేస్తాం. ఇక్కడ ఆగడానికి నాకు రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, మనిషి బాగానే ఉన్నాడు. రాత్రి ఊపిరి ఇబ్బంది లేకుండా ఒకే దిండు మీద పడుకున్నారు, మెట్లు ఎక్కితే ఆయాసం లేదు, చీలమండ మీద వేలితో నొక్కి వీడియోలో చూపిస్తే గుంట పడలేదు. రెండోది, 71.6 అన్నది కొత్త అంకె కాదు. ఇండియాలో ఉన్నప్పటి అంకెకు దాదాపు అదే. పెరిగింది ఈరోజా, లేక ఇన్నాళ్లూ తక్కువ చూపించిందా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

ఏ తప్పు ఖరీదైనదో కూడా లెక్క వేసుకోవాలి. నీరు చేరని మనిషికి మాత్ర రెట్టింపు చేస్తే ఒళ్లు ఎండిపోతుంది, పొటాషియం పడిపోతుంది, కిడ్నీ మీద భారం పడుతుంది. ఇబ్బందేమీ లేని మనిషిని ఇంకొక్క రోజు గమనించడంలో అంత ప్రమాదం లేదు. ఆయాసం వచ్చినా, పడుకోలేక లేచి కూర్చోవాల్సి వచ్చినా నాకు ఫోన్ చేయకుండా నేరుగా అక్కడి ఎమర్జెన్సీకి వెళ్లండని గట్టిగా చెప్పి, ఈలోపు మెషిన్ సంగతి తేల్చమన్నాను.

మొదట చేసినవి, అవి ఎందుకు తేల్చలేదు

అల్లుడు ఇంజనీర్. ఉత్సాహంగా రంగంలోకి దిగాడు. మొదట బ్యాటరీ మార్చాడు. అంకెలు మారలేదు, మారవు కూడా. బ్యాటరీ బాగా తగ్గితే ఇలాంటి మెషిన్లు సాధారణంగా ఆ గుర్తు చూపిస్తాయి లేదా ఆరిపోతాయి. తీరుగా రెండు కిలోలు తక్కువ చూపించవు.

తర్వాత ఇండియన్ స్టోర్‌లో కొన్న సోనామసూరి బస్తా పెట్టి చూశాడు. మీద 20 పౌండ్లు అని ఉంది, అంటే 9.07 కిలోలు, సంచి బరువు అదనం. బాత్రూంలో 9.2 వచ్చింది. పడకగదిలో కార్పెట్ మీద 9.1 వచ్చింది. "రెండు చోట్లా కరెక్టే సార్, మెషిన్‌లో ప్రాబ్లం లేదు" అని మెసేజ్. దాన్ని నమ్మితే బరువు నిజంగానే పెరిగిందనుకోవాలి. ఈ కేసులో అందరినీ తప్పుదారి పట్టించగల ఘట్టం ఇదే. దీన్ని కింద వివరంగా చెబుతాను.

మూడోది ఇంకా చిత్రం. సన్నటి తేడాలు పట్టుకుంటుందో లేదో చూద్దామని అల్లుడు ఒకసారి ఉత్తచేతులతో ఎక్కాడు, దిగాడు, వంటింటి కాటా మీద 410 గ్రాములు తూగిన చిన్న ఆవకాయ సీసా పట్టుకుని మళ్లీ ఎక్కాడు. రెండుసార్లూ ఒకే అంకె, పాయింట్ తర్వాత అంకెతో సహా. దాంతో మెషిన్ పాడైపోయిందని తేల్చేసి కొత్తది ఆర్డర్ పెట్టబోయాడు.

అది పాడవలేదు. ఇంట్లో వాడే చాలా డిజిటల్ మెషిన్లకు ఒక అలవాటు ఉంటుంది. కొద్దిసేపటి క్రితం చూసిన బరువును గుర్తుపెట్టుకుని, కొత్త బరువు దానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే మళ్లీ చూపిస్తాయి. ఎక్కిన ప్రతిసారీ అంకె మారితే కొన్నవాళ్లు మెషిన్ మంచిది కాదనుకుంటారని ఈ ఏర్పాటు. రోజుకు ఒకసారి బరువు చూసేవాళ్లకు నష్టం లేదు కానీ పరీక్ష చేసేవాళ్లను నిలువునా మోసం చేస్తుంది. వెంటవెంటనే పదిసార్లు ఎక్కి ఒకే అంకె వచ్చిందంటే అది ఖచ్చితత్వానికి రుజువు కానే కాదు. విరుగుడు సులువు. రెండు తూకాల మధ్య బాగా వేరే బరువేదైనా పెట్టి తీసేయాలి. ఉత్తచేతులతో ఎక్కి దిగి, బియ్యం బస్తా ఒక్కటే పెట్టి తీసి, అప్పుడు సీసాతో ఎక్కమన్నాను. ఈసారి 0.4 కిలోల తేడా కనిపించింది.

కార్పెట్ ఏం చేస్తుంది

గాజు పలకతో ఉండే ఈ మెషిన్‌ని తిరగేస్తే నాలుగు మూలల్లో నాలుగు కాళ్లు కనిపిస్తాయి. ఒక్కో కాలులో ఒక చిన్న స్టీలు ముక్క, దాని మీద అతికించిన సెన్సార్. బరువు పడితే స్టీలు కంటికి కనబడనంత వంగుతుంది, సెన్సార్ విద్యుత్ నిరోధం మారుతుంది, నాలుగు కాళ్ల లెక్క కలిపి అంకెగా చూపిస్తుంది. అంటే కాళ్ల గుండా నేలకు దిగిన బరువే దానికి తెలుస్తుంది. కాళ్ల ఎత్తు చాలా తక్కువ. మెత్తటి కార్పెట్ మీద మనిషి ఎక్కగానే కాళ్లు దిగబడి, అడుగున ఉన్న ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీ డబ్బా కార్పెట్ పోగులకు ఆనుకుంటాయి. మూట ఎత్తేటప్పుడు పక్కవాడు ఒక చెయ్యి వేసినట్టు, కొంత బరువు కార్పెట్ మోస్తుంది. ఆ భాగం సెన్సార్లకు చేరదు. అందుకే తక్కువ చూపిస్తుంది. ఎంత తక్కువ అన్నది ఏ కాలు ఎంత దిగబడింది, మనిషి ఎక్కడ నిలబడ్డాడు అన్నదాన్ని బట్టి రోజుకో రకంగా ఉంటుంది. 68.7, 69.6 మధ్య ఊగిసలాట అదే.

బస్తా ఎందుకు సరిగ్గా చూపించిందో ఇప్పుడు అర్థమవుతుంది. తొమ్మిది కిలోలకు కాళ్లు పెద్దగా దిగబడవు, అడుగు భాగం ఆనదు, కాబట్టి దాదాపు మొత్తం బరువు కాళ్ల గుండానే పోతుంది. తప్పు మొదలయ్యేది ఆ పైన ఎక్కడో. 70 కిలోల మనిషి కోసం మెషిన్‌ని పరీక్షించాలంటే 70 కిలోల దగ్గరే పరీక్షించాలి.

స్ప్రింగు, ముల్లు ఉండే పాత రకం మెషిన్లు దీనికి వ్యతిరేకంగా కార్పెట్ మీద ఎక్కువ చూపించవచ్చు. వాటిలో బరువు లివర్ల గుండా స్ప్రింగుకు పోతుంది. కింది రేకు గట్టి నేల మీద కొద్దిగా వంగుతుంది, ఆ వంపుతో సహా ఫ్యాక్టరీలో సెట్ చేసి ఉంటుంది. మందపాటి కార్పెట్ కింద నుంచి ఆనిస్తే ఆ వంపు మారి లివర్ల లెక్క తప్పుతుంది. కాబట్టి "కార్పెట్ మీద రెండు కిలోలు కలుపుకుంటే సరి" లాంటి లెక్క ఏ మెషిన్‌కీ పనికిరాదు.

పనిచేసిన పద్ధతి

ముందుగా తెలిసిన బరువు నిజంగా తెలిసినదై ఉండాలి. ఇంట్లో డంబెల్స్ ఉన్నాయి, వాటితో చూడనా అన్నాడు అల్లుడు. వద్దన్నాను. మామూలు పోత ఇనుము డంబెల్స్ మీద రాసిన అంకెకూ అసలు బరువుకూ చెప్పుకోదగ్గ తేడా ఉండొచ్చు. సీలు విప్పని బియ్యం బస్తా నయం, అదీ ఒకసారి నమ్మకమైన కాటా మీద తూచాలి. అక్కడ పోస్టాఫీసులో జనం పార్సిళ్లు తూచుకునే కాటా ఉంటుంది, 70 పౌండ్ల దాకా తూస్తుంది. దాని మీద బస్తా 20 పౌండ్ల 3 ఔన్సులు తూగింది, అంటే 9.16 కిలోలు. మన ఊళ్లో అయితే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కిరాణా కొట్టు కాటా ఈ పనికి చాలు.

తర్వాత మనిషి. తొమ్మిది కిలోల బస్తా గుండె పేషెంట్ ఎత్తకూడదు. పెద్దాయన "నేనే పట్టుకుంటాలే" అన్నారట, కూతురు ఒప్పుకోలేదు, మంచి పని చేసింది. అల్లుడి బరువు పెద్దాయన కంటే కొద్దిగా ఎక్కువ, ఆ స్థాయిలో పరీక్షకు సరిపోతాడు. పరీక్షకు మూడు చోట్లు ఎంచుకున్నాం: పడకగది కార్పెట్, బాత్రూం టైల్స్, వంటింట్లో గట్టి వినైల్ నేల. ప్రతిచోటా మెషిన్ పెట్టాక కాలితో తట్టి సున్నా వచ్చేదాకా ఆగి, ఉత్తచేతులతో ఒకసారి, బస్తాతో ఒకసారి ఎక్కాడు. పాత అంకె గుర్తుపెట్టుకోకుండా మధ్యలో బస్తా ఒక్కటే పెట్టి తీశాడు.

వంటింట్లో 78.4, బస్తాతో 87.6. తేడా 9.2. మెషిన్ 0.1 కిలో మెట్ల మీద చూపిస్తుంది కాబట్టి 9.16కి ఇంతకంటే దగ్గరగా రాదు. కార్పెట్ మీద 75.9, బస్తాతో 84.3. తేడా 8.4. అంటే ఉత్తచేతులతో ఎక్కినప్పుడే కార్పెట్ రెండున్నర కిలోలు మింగింది, పైన పెట్టిన బస్తాలో ఇంకో ముప్పావు కిలో మింగింది. బరువు పెరిగేకొద్దీ మింగేదీ పెరుగుతోంది. పైన చెప్పిన కారణానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక బాత్రూం. ఉత్తచేతులతో ఒకసారి 78.4, రెండోసారి 77.7, మెషిన్‌ని పక్కకు తిప్పి పెడితే 78.9. కార్పెట్ తీరుగా తక్కువ చూపించింది, ఇది ఏ తీరూ లేకుండా చూపించింది. ఎదురెదురు మూలలు వేళ్లతో మార్చి మార్చి నొక్కితే మెషిన్ టక్కు టక్కుమని ఊగింది. ఒక కాలు టైలు అంచు మీద పడింది, ఇంకో కాలి కింద పోస్టుకార్డు దూరేంత సందు. ఇలా మూడు కాళ్ల మీద నిలబడ్డ మెషిన్ మీద మనిషి కదిలినప్పుడల్లా బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి దూకుతుంది, కాళ్లు నిటారుగా కాక పక్కకు నొక్కుకుంటాయి. సెన్సార్ నిలువు ఒత్తిడికి చేసినది, పక్క ఒత్తిడిని సరిగ్గా లెక్కపెట్టలేదు.

మన బాత్రూంలలో నీళ్లు పోవడానికి నేల వాలుగా ఉంటుంది కదా, అందుకే తప్పు చూపిస్తుందని చాలామంది అంటారు. వాలు మీద వేసే నింద చాలావరకు అన్యాయం. మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు అంటే ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ. ఆ కోణంలో 70 కిలోల మనిషికి తగ్గేది 14 గ్రాములు, మెషిన్‌కి కనిపించనే కనిపించదు. ఐదు డిగ్రీలు వంగితే పావు కిలో పైన తేడా వస్తుంది, కానీ బాత్రూం నేల మామూలుగా అంత వాలుగా ఉండదు. అసలు దోషి వాలు కాదు, నాలుగు కాళ్లూ ఒకే పలక మీద ఆనకపోవడం. తడి నేల మీద జారే ప్రమాదం వేరే సంగతి, ఆ కారణంతోనే నేను బాత్రూం వద్దంటాను.

వంటింటి చోటే ఖాయం చేశాం. నాలుగు కాళ్ల చుట్టూ రంగు టేపు అంటించి, రోజూ అక్కడే, అదే దిక్కుగా పెట్టమన్నాను. పెద్దాయన మర్నాడు అక్కడ ఎక్కితే 71.5. ఇండియా అంకె కంటే 0.1 ఎక్కువ. ఇంకో చిన్న విషయం: సెన్సార్ కొలిచేది భూమి లాగే బలాన్ని. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకంటే ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో ఆ బలం దాదాపు 0.2 శాతం ఎక్కువ. ఇక్కడి 71.4 అక్కడ ఏ మార్పూ లేకుండానే 71.5 అవుతుంది. వైద్యానికి ఇది లెక్కలోకి రాదు, అల్లుడు మాత్రం చాలా సంతోషించాడు.

నీటి మాత్ర మార్చలేదు. నోట్‌బుక్‌లో కార్పెట్ రోజుల అంకెలన్నీ అడ్డంగా కొట్టేయించాను. వాటికి రెండు కిలోలు కలిపి సరిదిద్దుదామన్నారు, ఒప్పుకోలేదు. ఏ రోజు కార్పెట్ ఎంత మోసిందో ఎవరికీ తెలియదు.

ఈ పరీక్ష తేల్చనిది

బస్తాతో తేలింది 78 నుంచి 87 మధ్య మెషిన్ సరిగ్గా పెరుగుతోందని, బస్తా ఒక్కటే పెట్టినప్పుడు కింది స్థాయిలో సరిగ్గా ఉందని. ఈ రెంటి మధ్య కూడా సరిగ్గానే ఉందనుకోవడం సబబైన ఊహే, కానీ ఊహే. దాన్ని బలపరచడానికి తెలిసినవాళ్ల దగ్గర ఇంకో రెండు బస్తాలు అడిగి, మూడూ కలిపి పెట్టి చూశాడు. పోస్టాఫీసు లెక్కలో 27.5, మెషిన్ మీద 27.4. గుండె పేషెంట్‌కి అంత చాలు. మాకు కావాల్సింది అసలు బరువు ఎంతన్నది కాదు, నిన్నటికీ ఈరోజుకీ తేడా. ఒక మెషిన్ ఎప్పుడూ అర కిలో ఎక్కువ చూపించినా ఇబ్బంది లేదు, ఆ అర కిలో రోజూ అంతే ఉన్నంతకాలం. కార్పెట్ చెడగొట్టేది సరిగ్గా దాన్నే.

కార్పెట్ తప్ప వేరే నేల లేని ఇల్లయితే నాలుగు కాళ్లూ పూర్తిగా పట్టేంత మందపాటి ప్లైవుడ్ చెక్క వేసి, దాని మీద మెషిన్ పెట్టొచ్చు. చెక్కను కార్పెట్ మోస్తుంది కానీ మెషిన్ అడుగు దేనికీ ఆనదు. చెక్క వంగకూడదు, ఊగకూడదు. పలుచటి అట్ట, పుస్తకం లాంటివి పనికిరావు. పెట్టాక బస్తా పరీక్ష మళ్లీ చేయాలి.

తర్వాత

కొన్ని వారాలకు వంటింటి చోటులోనే 71.5, 72.2, 73.3 అని మూడు పొద్దుల అంకెలు వచ్చాయి. పెరిగింది 1.8, మా రూలు దాటలేదు. అయినా ఈసారి చీలమండ మీద నొక్కితే గుంట పడింది, రాత్రి రెండో దిండు కావాల్సి వచ్చింది. పెళ్లి భోజనానికి వెళ్లొచ్చారు. మెషిన్ మీద అనుమానపడాల్సిన పని లేదు కాబట్టి రూలు అంకె కోసం ఆగలేదు. అదే రోజు మాత్ర పెంచి, అక్కడి డాక్టర్‌కి చూపించి పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నాను. నాలుగు రోజులకు 71.6కి దిగారు. కార్పెట్ మీదే కొనసాగి ఉంటే ఆ 1.8 కిలోలు ఎలా కనిపించేవో చెప్పడం కష్టం. రోజువారీ ఊగిసలాటే దాదాపు కిలో ఉన్నచోట మొదటి రెండు రోజులూ ఎవరూ పట్టించుకునేవారు కారు.

ఇప్పుడు బరువు అంకె పంపే పేషెంట్లందరినీ మొదటిసారి ఒక ఫోటో కూడా పంపమంటున్నాను. అంకె కనిపించేలా కాదు, మెషిన్ కాళ్లు, వాటి కింది నేల కనిపించేలా. డోర్‌మ్యాట్ మీద పెట్టినవాళ్లున్నారు, యోగా మ్యాట్ మీద పెట్టినవాళ్లున్నారు, గీతలు పడతాయని అట్టపెట్టె కింది ముక్క తీయకుండానే వాడుతున్నవాళ్లూ ఉన్నారు.